చూస్తే ఒప్పుకున్నట్టే

సంగీత అబద్ధం ఆడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత ఆమె కూడా దీన్నే పట్టుకుని వేలాడింది. బుజ్జమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె జవాబు చెప్పింది. చెప్పిన జవాబుల్లో తప్పు వెతకాలంటే మీకు సాయంత్రమవుతుంది గాని ఒక్కటీ దొరకదు. నిజాలే చెబుతూ మనిషి గొంతు కోయాలంటే చాలా ఓపిక కావాలి. ఆ ఓపిక సంగీతకు ఉంది.

పుంగనూరు దాటాక మదనపల్లె రోడ్డు పక్కన టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటుంది. రామసముద్రం నుంచీ పెద్దపంజాణి నుంచీ లారీల్లో వచ్చే కాయలు కడిగి బెల్టు మీద పడతాయి. కుళ్ళినవీ పచ్చివీ ఏరి పక్కన పారేయాలి. ఆ బెల్టుకు ఇటు బుజ్జమ్మ, అటు సంగీత. బుజ్జమ్మకు తొమ్మిదేళ్ళ సర్వీసు, సంగీతకు ఏడేళ్ళది. మిగతా వాళ్ళంతా వాళ్ళ చేతుల వేగం చూసి నేర్చుకున్న వాళ్ళే.

బుజ్జమ్మకు యాభై దాటాయి. భర్త చిన్నప్ప ఒకప్పుడు మదనపల్లె టమోటా మండీలో లోడు ఎత్తేవాడు. లారీ మీది నుంచి వెల్లకిలా పడ్డాడు, నడుము కింద ప్రాణం పోయింది. అప్పటి నుంచీ మంచమే. పూటపూటకూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పకపోతే వీపు పుండవుతుందని డాక్టరు చెప్పాడు. పిల్లలు లేరు. ఇల్లు ఫ్యాక్టరీ వెనక వీధిలోనే, నడిస్తే పది నిమిషాలు. ఒంటిగంటకు అన్నం గంట కొట్టగానే అందరూ క్యారియర్లు విప్పుతుంటే బుజ్జమ్మ గేటు దాటేది. మొగుణ్ణి తిప్పి, నాలుగు ముద్దలు పెట్టి, రెండు ముద్దలు తను మింగి, ఒకటీ నలభై అయిదుకల్లా బెల్టు దగ్గర ఉండేది. తొమ్మిదేళ్ళలో ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. ఆ ఫ్యాక్టరీ ఇంటికి దగ్గర కాబట్టే చిన్నప్ప బతికి ఉన్నాడని అందరికీ తెలుసు. సంగీతకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే.

రెండేళ్ళ కిందట కంపెనీ నోటీసు బోర్డు తీసేసింది. సెలవులు, షిఫ్టులు, ఆదివారం డ్యూటీలు, అన్నీ ఇక వాట్సాప్ గ్రూపులోనే అన్నారు. మదనపల్లె హెడ్డాఫీసులో కూర్చునే మేనేజరు గోపాలస్వామి గ్రూపులో పెడతాడు, జనం చూసుకోవాలి. ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఎవరైనా "నాకు తెలీదు సార్" అంటే, తను పంపిన మెసేజిని వేలితో నొక్కిపట్టి, దాన్ని ఎవరెవరు ఏ టైముకు చూశారో బయటికి తీసి చూపిస్తాడు. పంపిన మనిషికి ఆ జాబితా కనిపిస్తుంది. అందులో పేరుంటే సంతకం పెట్టినట్టే. చూసి ఊరకుంటే ఒప్పుకున్నట్టే. రెండేళ్ళుగా ఫ్యాక్టరీలో అదే చట్టం. బుజ్జమ్మకు మాత్రం బటన్ ఫోను ఉండేది కాబట్టి ఆమెకు ఏ సంగతైనా సూపర్‌వైజరు వచ్చి నోటితో చెప్పేవాడు. ఆ చట్టం ఒకటుందనే ఆమెకు తెలీదు.

ఈ ఏడు ఇక అందరికీ పెద్ద ఫోను ఉండాల్సిందే అన్నారు. బెంగుళూరులో ఉండే తమ్ముడు మునికుమార్ కొని పంపాడు. దాన్ని గాజు గిన్నెలా రెండు చేతుల్లో పట్టుకుని బుజ్జమ్మ సంగీత దగ్గరికి వచ్చింది. పదిన్నర టీ విరామం పదిహేను నిమిషాలు. బాయిలరు రూము వెనక మెట్ల మీద పాఠాలు మొదలయ్యాయి.

మొదటి రోజు అడిగింది చప్పుళ్ళ గురించి. ఇది ఊరికే ఊరికే మోగుతుంది, ప్రతిదానికీ "హలో" అంటే ఎవరూ పలకడం లేదంది. సంగీత నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది. పాట లాగా ఆగకుండా మోగితే అది ఫోన్ కాల్, ఎత్తాలి. "టింగ్" అని ఒక్కసారి మోగి ఊరుకుంటే ఎవరో ఏదో పంపారని, ఎత్తడానికి ఏమీ లేదు. చార్జరు గుచ్చినప్పుడు ఒక చప్పుడు, చార్జి అయిపోవస్తుంటే ఇంకో చప్పుడు. అవి ఫోను తన గోడు తాను చెప్పుకోవడం. బుజ్జమ్మ ఒక్కొక్కటీ రెండుసార్లు మోగించుకుని విని, పెదాలు కదిపి కంఠస్థం చేసుకుంది.

రెండో రోజు చీటీల గురించి. తెర పైనుంచి ఒక చీటీ లాంటిది దిగుతుంది, చదివే లోపలే మాయమైపోతుంది, పోయిందంటే మళ్ళీ రాదా అని బెంగ పెట్టుకుంది. ఎక్కడికీ పోదని సంగీత చెప్పింది. తెర నెత్తి మీద వేలు పెట్టి కిందికి లాగితే అన్నీ వరసగా ఉంటాయి. వద్దనుకున్నదాన్ని పక్కకు తోస్తే పోతుంది. చీటీ మీద తడితే అది వచ్చిన చోటు తెరుచుకుంటుంది. ఆకాశం మబ్బుగా ఉందని ఒక చీటీ వచ్చింది. ఎవరు పంపారని బుజ్జమ్మ అడిగింది. ఎవరూ కాదు, ఫోనే పంపిందంది సంగీత. తలెత్తి చూస్తే తెలిసేదానికి ఇంత ఆర్భాటం దేనికని బుజ్జమ్మ ఆశ్చర్యపోయింది.

అప్పటిదాకా సంగీత మనసులో కల్మషం లేదు. ఇది కూడా నిజమే, ఆమె పక్షాన ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

మూడో రోజు పొద్దున ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే అనిత సంగీతను పక్కకు పిలిచి ఒక సంగతి చెవిన వేసింది. కుప్పంలో కొత్త యూనిట్ తెరుస్తున్నారు. అక్కడి పిల్లలకు పని నేర్పడానికి ఇక్కడి నుంచి నలుగురు పోవాలి, కనీసం రెండేళ్ళు. బెల్టు సెక్షన్ నుంచి ఒకరు. చేయి తిరిగిన వాళ్ళు ఇద్దరే కాబట్టి నువ్వో, బుజ్జమ్మో. శనివారం సాయంత్రం గ్రూపులో పెడతారు, కష్టం ఉన్నవాళ్ళు ఆదివారం సాయంత్రం ఆరు లోపల రాయాలి. ఇద్దరూ రాస్తే గోపాలస్వామి కష్టాలు తూచి చూస్తాడు.

తూచితే ఏమవుతుందో సంగీతకు తెలుసు. ఒక తట్టలో మంచంలో ఉన్న చిన్నప్ప. ఇంకో తట్టలో ఆమె కొడుకు యశ్వంత్ పదో తరగతి పరీక్షలు, నాలుగు నెలల కిందట పాలు పొంగించిన కొత్త ఇల్లు, అందులో ఇంకా రంగు వాసన పోని వంటగది. కుప్పమంటే పలమనేరు మీదుగా బస్సులో సగం పూట. రోజూ తిరిగే దూరం కాదు, అక్కడే కంపెనీ గదుల్లో ఉండి ఆదివారాలు మాత్రం రావాలి. సంగీత కష్టం కూడా కష్టమే గాని, తక్కెడలో పెడితే తేలిపోతుంది. బుజ్జమ్మ నోరు తెరవకపోతే మాత్రం తక్కెడ పనే లేదు.

ఆ రోజు పదిన్నరకు బుజ్జమ్మ అంకెల గురించి అడిగింది.

"ఈ వాట్సాప్ బొమ్మ మీద మూడు అని ఉండాది. లోపలికి పోతే పచ్చ గుండ్రంలో కూడా మూడు ఉండాది. ఎవురు ముగ్గురు సంగీతా?"

"మనుషులు కాదక్కా. నువ్వు ఇంకా తెరవని మెసేజీలు మూడుండాయని."

ఉంటే ఏమైనా నష్టమా అని అడిగింది. నష్టం లేదు గాని పెరుగుతానే ఉంటుందని సంగీత చెప్పింది. బుజ్జమ్మ ముఖం అదోలా పెట్టింది. బెల్టు దగ్గర తొమ్మిదేళ్ళుగా ఒక్క కాయను కూడా చూడకుండా పోనివ్వని మనిషి. ఏదైనా మిగిలిపోయి కుప్ప పడుతుందంటే ఆమెకు ఒళ్ళంతా దురద. పక్కకు తోస్తే పోతుందా అంది. పై చీటీ పోతుంది గాని లోపలి పచ్చ గుండ్రం పోదు. మరి ఎట్లా పోతుంది?

సంగీత టీ గ్లాసు మెట్టు మీద పెట్టింది. అక్కడ రెండు జవాబులున్నాయి. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పొడుగు జవాబులో, నువ్వు తెరిస్తే అవతల పంపినవాడికి నువ్వు చూసినట్టు తెలిసిపోతుంది, ఈ ఫ్యాక్టరీలో చూడడమంటే ఒప్పుకోవడం, అనేది కూడా ఉంది. ఆమె పొట్టిది ఎంచుకుంది.

"తెరిచి మూసేయక్కా. అంతే, పోతాది."

బుజ్జమ్మ తెరిచింది, మూసింది. మూడు పోయింది. ఎంగిలి కంచం కడిగి బోర్లించినంత తృప్తి ఆమె ముఖంలో కనిపించింది.

ఇంకొకటి అడుగుతానంది. ఇన్ని వస్తాయి కదా, గుడ్ మార్నింగులూ దేవుడి బొమ్మలూ, ఇందులో నిజంగా నాకు పని ఉన్నది ఏదో ఎట్లా తెలిసేది? నాకు తెలుగైతే కూడబలుక్కుని చదవను వస్తుంది. వీళ్ళు మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, అది నాకు కొరుకుడు పడదు.

ఈ ప్రశ్నకు కూడా సంగీత నిజమే చెప్పింది, లోకంలో ఎక్కువ మందికి వర్తించే నిజం. "నీతో అంత పని ఉంటే ఫోనే చేస్తారు గదక్కా." బటన్ ఫోను కాలం నుంచీ బుజ్జమ్మకు తెలిసిన లోకం అదే. కాబట్టి నమ్మింది. నమ్మడమే కాదు, ఎంత తెలివైన దానివే అని సంగీత గడ్డం పుణికింది.

శనివారం సాయంత్రం ఏడు కొట్టేటప్పటికి గ్రూపులో టింగ్ మంది. గోపాలస్వామి పొడుగ్గా రాశాడు. సెక్షన్ల వారీగా పేర్లు, ఆదివారం ఆరు గంటల గడువు. బెల్టు సెక్షన్ దగ్గర బుజ్జమ్మ లేదా సంగీత అని ఉంది. చివర ఎప్పటిలాగే, చూసి ఏమీ రాయని వాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క అని. అంతా ఇంగ్లీషు అక్షరాల్లో. సంగీత అయిదు నిమిషాల్లో తన కష్టం రాసి ఆయనకు విడిగా పంపేసింది. గ్రూపులో రాస్తే మాటలు బయల్దేరతాయని.

ఆ రాత్రి ఆమెకు నిద్ర బాగానే పట్టింది. పట్టలేదని చెబితే మీకు కొంచెం ఊరటగా ఉండేది, ఏం చేస్తాం.

ఆదివారం ఫ్యాక్టరీ లేదు. నాలుగు గంటలప్పుడు బుజ్జమ్మే సంగీత ఇంటికి వచ్చింది, చేతిలో ఫోను, కొంగులో చుట్టి రెండు దోసకాయలు. గడువుకు ఇంకా రెండు గంటలుంది. కొత్త ఇంట్లో చెప్పులతో అడుగు పెట్టడానికి జంకి గుమ్మంలోనే నిలబడింది. ఆ టింగ్ మనే చప్పుడుకు చిన్నప్ప ఉలిక్కిపడి మేలుకుంటున్నాడు, అసలే నిద్ర పట్టని మనిషి, దాన్ని తగ్గించడానికి వీలుందా అని అడిగింది. సంగీత ఫోను తీసుకుని పక్క మీట నొక్కి, తెర మీద వచ్చిన గీతలు చూపించింది. ఇది కాల్ మోగే చప్పుడుకు, ఇది మెసేజి చప్పుడుకు, వేరువేరు. మెసేజిది పూర్తిగా తగ్గించింది. కాల్‌ది అట్లాగే ఉంచింది. ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం వినపడుతుందక్కా అంది. అలా తగ్గిస్తున్నప్పుడే, వాట్సాప్ మీద ఒక్క అంకె కూడా లేదని చూసింది. గ్రూపు దగ్గర కూడా పచ్చ గుండ్రం లేదు.

"అన్నీ తుడిచేసినట్టుండావే అక్కా."

"ఒక్కటి మిగలనిస్తానా. నిన్న సందకాడ గ్రూపులో పొడుగుది ఒకటి వచ్చింది. తెరిచి మూసేస్తి. అవునూ, దాంట్లో ఏమన్నా ఉండాదా సంగీతా?"

అడిగింది. చూడండి, అడగలేదని తర్వాత ఎవరూ అనడానికి లేదు. వంటింట్లో యశ్వంత్ పాఠం వల్లె వేస్తున్నాడు. సంగీత దోసకాయలు అందుకుంది. గోడ మీది గడియారంలో నాలుగుంబావు. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది కూడా. అప్పుడు ఆమె కంటికి తన వంటగది గట్టు కనబడింది, నల్లరాయి, నున్నగా, చుట్టూ పసుపుబొట్లు ఇంకా చెరగకుండా.

"కుప్పంలో కొత్త యూనిట్ పెడతాండారంటక్కా. దాని గురించి."

"కుప్పమా. మనకెందుకులే," అని బుజ్జమ్మ ఫోను రొంటిన దోపుకుని, ఆయన్ను తిప్పే వేళయిందని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున గోపాలస్వామి కంపెనీ జీపులో దిగాడు. బెల్టు ఆపించి నాలుగు పేర్లు చదివాడు. మూడో పేరు బుజ్జమ్మది. ఆమె చేతిలో కుళ్ళిన కాయ ఒకటి ఉండింది. దాన్ని ఎక్కడ వేయాలో తెలియక అట్లాగే పట్టుకుని ముందుకు వచ్చింది. నాకు ఎవరూ చెప్పలేదు సార్, అంది. ఆయన కోపగించుకోలేదు. చెడ్డవాడు కాదు, పద్ధతి మనిషి, అంతకంటే మొండి జాతి లేదు. ఫోను తీసి, తన మెసేజి మీద వేలు నొక్కిపట్టి, వచ్చిన జాబితా ఆమె కళ్ళ ముందు పెట్టాడు. శనివారం, ఏడూ పన్నెండు, బుజ్జమ్మ.

"సూసినావు గదమ్మా."

"సూడలేదు సార్. అంకె తుడిచినా."

నలభై మంది ఘొల్లున నవ్వారు. అందులో చెడు లేదు, నిజంగానే నవ్వొచ్చే మాట. సంగీత నవ్వలేదు, తల దించుకుంది. బుజ్జమ్మ మొగుడి సంగతి చెప్పుకుంది, వీపు సంగతి, ఒంటిగంట సంగతి. గోపాలస్వామి ముఖం కొంచెం మెత్తబడింది గాని, ఒకరికి వదిలేస్తే రేపటి నుంచీ ప్రతివాడూ చూసి చూడలేదంటాడు, ఆరు గంటలకు జాబితా పైకి పంపేశాను, అన్నాడు. ఈ ఫోను చూడడం ఎవరు నేర్పించారని అడిగాడు. బుజ్జమ్మ సంగీత వైపు చూసింది. 

"ఆ పిల్ల అన్నీ బాగానే చెప్పింది సార్. నా బుర్రకే ఎక్కలేదు," అంది బుజ్జమ్మ.

ఉద్యోగం మానేస్తే చిన్నప్ప మందులకు వేరే దారి లేదు. పోతే తిప్పడానికి మనిషి లేదు. పక్కింటి పద్మావతీ ఆమె మొగుడూ చీకటితో చేనికి పోతూ ఒకసారి, దీపాల వేళకు వచ్చి ఒకసారి తిప్పుతామన్నారు, గంజో సంగటో పెడతామన్నారు. మధ్యాహ్నం వాళ్ళు ఉండరు. ఒంటిగంట మిగిలింది. బుజ్జమ్మ సంగీత చేతులు రెండూ పట్టుకుంది. నాకు ఇంకెవరున్నారు, నువ్వే దిక్కు, అంది. ఒంటిగంటకు తను పోతానని సంగీత ఒప్పుకుంది.

కింద పరిచిన దుప్పటి అంచు పట్టి ఎట్లా లాగాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎక్కడ పెట్టాలో బుజ్జమ్మ రెండు రోజులు చూపించింది. ఫోనులో మాట ఎట్లా పంపాలో సంగీత ఆమెకు చూపించింది, మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడి వదిలేయడమే. తర్వాత బుజ్జమ్మ ఒక సంచీతో కుప్పం బస్సెక్కింది.

మొదటి వారం సంగీత రోజూ వెళ్ళింది. వెళ్ళాలని వెళ్ళింది, చేసిన పాపం ఇట్లాగైనా కడుక్కోవచ్చని వెళ్ళింది. రెండో వారం కాయ బాగా దిగింది. గంగవరం లారీలు వరసకట్టి గేటు బయట నిలబడ్డాయి. అన్నం విరామం అరగంటకు తగ్గించారు. ఇప్పుడు బెల్టుకు పెద్ద దిక్కు సంగీతే, ఆమె కదిలితే పని ఆగుతుంది. ఒకరోజు వెళ్ళలేకపోయింది. ఆ రోజు ఒంటీ పదికి కుప్పం నుంచి ఎప్పటిలాగే మాట వచ్చింది. "తిప్పినావా తల్లీ?" సంగీత విని, చేయి కడుక్కోకుండానే, బొటనవేలు ఎత్తి ఉన్న బొమ్మ ఒకటి పంపింది.

మర్నాడు వెళ్ళినప్పుడు చిన్నప్ప గోడ వైపు చూస్తూ అన్నాడు. "నిన్న నువ్వు రాలేదని దానికి చెప్పను లేమ్మా. చెప్తే పని మానుకోని వచ్చేస్తాది. వస్తే ఇద్దరం పస్తే."

చాలామందికి ఈ మాట వింటే ఇక ఒక్క రోజు కూడా తప్పకూడదనిపిస్తుంది. సంగీతకూ ఒక్క పూట అట్లాగే అనిపించింది. ఆ తర్వాత ఆ మాటే ఆమెకు వెసులుబాటు అయింది. ఆయన చెప్పడు, ఆమె అక్కడుంది, ఫోనులో బొటనవేలు ఉంది. ఆ వారం రెండు రోజులు ఎగ్గొట్టింది. తర్వాతి వారం నాలుగు రోజులు. ఒంటీ పదికి టింగ్ మనేది, మాట వినేది, బొమ్మ పంపేది, పెరుగన్నంలో ఊరగాయ నంజుకునేది.

బుజ్జమ్మ ఆ మధ్య రెండు ఆదివారాలు రాలేకపోయింది, కొత్త యూనిట్‌లో సెలవు ఇవ్వలేదు. మూడో ఆదివారం వచ్చింది. మొగుణ్ణి పక్కకు తిప్పి చొక్కా ఎత్తింది. నడుము కింద, ఎముక తేలిన చోట, అరచెయ్యంత మేర తోలు లేదు. ఆమె ఏడవలేదట, పద్మావతి చెప్పింది. వేడినీళ్ళు పెట్టి కడిగి, గుడ్డ కప్పి, ఫోను తీసుకుని నేరుగా సంగీత ఇంటికి నడిచింది.

ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వచ్చి కొత్త గచ్చు మీద కూర్చుని, ఆయనకు పుండు పడిందని చెప్పింది. ఫోనులో సంగీత పేరు తెరిచి, వేలితో కిందికి జరుపుతూ చూపించింది. తన మాట, కింద బొటనవేలు. తన మాట, కింద బొటనవేలు. తెర నిండా అవే.

"నాకు ఇది ఒకటి చెప్పలేదు నువ్వు. ఈ బొమ్మకు అర్థమేమి సంగీతా?"

కోపం లేదు గొంతులో, అదే భయం వేసింది సంగీతకు. మెట్ల మీద టీ తాగుతూ అడిగినట్టే అడిగింది. అబద్ధమాడితే పుండు ఉంది. నిజం చెబితే తనేమిటో తెలిసిపోతుంది. ఏడేళ్ళ పరిచయంలో ఆ ముఖంలోకి సూటిగా చూడలేకపోవడం అదే మొదలు. చివరికి ఎప్పటిలాగే తప్పు పట్టడానికి వీల్లేని జవాబు ఒకటి దొరికింది.

"సూసినానని అక్కా."

"తిప్పినానని కాదా?"

"సూసినానని. అంతే."

బుజ్జమ్మ ఫోను ఒళ్ళో బోర్లించింది. కుప్పంలో చదువుకున్న పిల్లలు ఆమెకు ఈ మూడు వారాల్లో చాలానే చెప్పారు. నీలం టిక్కులంటే ఏమిటో, పంపిన వాడికి పేరూ టైమూ ఎట్లా కనిపిస్తాయో, కంపెనీలో దాన్ని ఎట్లా వాడుకుంటారో. పుంగనూరు ఫ్యాక్టరీలో అది తెలియని వాళ్ళు ఎవరూ లేరని తనతో వచ్చిన ముగ్గురూ చెప్పారు.

"ఆ పొద్దు ఈ గుమ్మంలోనే నిలబడి అడిగితిని నిన్ను. అప్పటికే సూసినావు గదా నువ్వు," అంది.

 మూలన చదువుకుంటున్న యశ్వంత్ పుస్తకం మూసి గదిలోకి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చినా సంగీతకు అంతకంటే సులువుగా ఉండేది. బుజ్జమ్మ లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మూడు గంటల బస్సు పట్టుకోవాలి, రేపు ఎనిమిదికి కుప్పంలో బెల్టు తిరుగుతుంది. పద్మావతి వాళ్ళు మధ్యాహ్నం ఇంట ఉండరు. ఈ ఊళ్ళో ఒంటిగంటకు ఫ్యాక్టరీ గేటు దాటి పది నిమిషాల్లో ఆ మంచం దగ్గరికి చేరగలిగిన మనిషి ఇప్పటికీ ఒక్కతే.

బుజ్జమ్మ వంగి ఆమె గడ్డం పట్టుకుంది.  "రేపన్నా తిప్పు తల్లీ," అంది.

సంగీత సరేనంది.

సోమవారం ఒంటిగంటకు గంట కొట్టారు. గేటు బయట పదకొండు లారీలు. సంగీత చేతులు కడుక్కుని, గేటు వైపు నాలుగు అడుగులు వేసింది. సూపర్‌వైజరు పిలిచి, అరగంటలో బెల్టు మళ్ళీ ఎక్కాలి, నువ్వు లేకపోతే ఆపాల్సి వస్తుందన్నాడు. ఆమె వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చుని క్యారియర్ విప్పింది. తినేసి పరిగెత్తి పోయి రావచ్చులే అనుకుంది.

ఒంటీ పదికి ఫోను టింగ్ మంది. ఎడమ చేత్తో తీసి చూసింది. బొటనవేలు పంపింది.